ఫర్మ్ నుంచి తప్పుకున్నాక వచ్చే జీఎస్టీ నోటీసు: బాధ్యత ఏ తేదీతో ఆగుతుంది?

భాగస్వామ్య సంస్థ నుంచి ఒకరు తప్పుకుంటారు. డీడ్ రాసుకుంటారు, లెక్కలు తేల్చుకుంటారు, ఎవరి దారి వారిది అవుతుంది. మూడేళ్లు గడిచాక ఆ సంస్థ జీఎస్టీ బకాయి కట్టాలంటూ ఆయన ఇంటికి నోటీసు వస్తుంది. తెరిచి చూస్తే అందులోని నెలల్లో చాలావరకు ఆయన వెళ్లిపోయాక నడిచినవే. ఇలాంటి సందర్భాల్లో ఎక్కువమంది ఇచ్చే జవాబు ఒక్కటే: ‘నేను అప్పటికే రిటైర్ అయ్యాను, ఇదిగో డీడ్, నాకు సంబంధం లేదు.’ ఆ జవాబు నిజమే కావచ్చు. కానీ జీఎస్టీ చట్టం దగ్గర అది సగం జవాబే. రిటైరైన తేదీతో పాటు, ఆ సంగతి శాఖకు అందిన తేదీని కూడా చట్టం అడుగుతుంది. జవాబు ఈ రెండు తేదీల మీద నిలబడాలి.

దీనికి ఆధారం సీజీఎస్టీ చట్టం, 2017లోని 90వ సెక్షన్. రాష్ట్రాల జీఎస్టీ చట్టాల్లోనూ ఇదే నంబరుతో ఇదే సెక్షన్ ఉంది. సంస్థ కట్టాల్సిన పన్ను, వడ్డీ, పెనాల్టీలకు సంస్థతో పాటు ప్రతి భాగస్వామీ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యుడని ఇది చెబుతుంది. అంటే శాఖ మొత్తం బకాయిని ఒక్కరి దగ్గరే వసూలు చేయాలనుకున్నా చేయవచ్చు. ‘నా వాటా ఇరవై శాతమే’ అన్న మాట అక్కడ చెల్లదు. రిటైరైన వారి గురించి ఆ సెక్షన్‌కు రెండు ప్రొవైజోలు, అంటే షరతు వాక్యాలు, ఉన్నాయి. మొదటిది: భాగస్వామి రిటైరైతే ఆ తేదీని ఆయన గానీ సంస్థ గానీ కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి, రిటైరైన తేదీ వరకు ఉన్న బకాయిలకు, అవి అప్పటికి లెక్క తేలినా తేలకపోయినా, ఆయన బాధ్యుడు. రెండోది: రిటైరైన తేదీ నుంచి నెల లోపు ఆ సమాచారం ఇవ్వకపోతే, అది కమిషనర్‌కు అందిన తేదీ వరకు ఆయన బాధ్యత కొనసాగుతుంది.

మొదటి ప్రొవైజోలో ‘తేలినా తేలకపోయినా’ అన్న ముక్క దగ్గర చాలామంది తడబడతారు. నోటీసు ఎప్పుడు వచ్చిందన్నది ప్రధానం కాదు, బకాయి ఏ కాలానిదన్నదే ప్రధానం. భాగస్వామిగా ఉన్న నెలల పన్ను మీద ఐదేళ్ల తర్వాత నోటీసు వచ్చినా, అది గడువులోపు జారీ అయినదైతే ‘వెళ్లిపోయాను’ అన్నది జవాబు కాదు. ఆ భాగానికి పన్ను అసలు బాకీ ఉందా లేదా అన్న వాదనే చేసుకోవాలి. అందుకే నోటీసు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని దాన్ని నెలలవారీగా కోయడం.

డీడ్ గురించి కూడా ఒక మాట. ‘ఈ తేదీ తర్వాతి బాధ్యతలన్నీ మిగిలిన భాగస్వాములవే’ అన్న షరతు దాదాపు ప్రతి రిటైర్‌మెంట్ డీడ్‌లోనూ ఉంటుంది. అది భాగస్వాముల మధ్య ఒప్పందం. 90వ సెక్షన్ మొదలయ్యేదే ‘ఏ ఒప్పందంలో ఏమున్నా, మరే చట్టంలో ఏమున్నా’ అన్న అర్థంతో. కాబట్టి ఆ షరతు శాఖను కట్టిపడేయదు. అది ఉపయోగపడేది తర్వాత, కట్టాల్సి వచ్చిన డబ్బును మిగిలిన భాగస్వాముల నుంచి రాబట్టుకునేటప్పుడు. జవాబులో ఈ షరతునే ముందు పెట్టి పేజీలు నింపితే అధికారి దాన్ని పక్కన పెట్టి, శాఖకు ఎప్పుడు చెప్పారని అడుగుతాడు.

భాగస్వామ్య చట్టం, 1932 కింద ఇచ్చే బహిరంగ ప్రకటన సంగతీ ఇంతే. ఆ చట్టం 32వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివారి పట్ల రిటైరైన భాగస్వామి బాధ్యత పోదు. రిజిస్టరైన సంస్థ అయితే 72వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు నోటీసు ఇవ్వాలి, రాజపత్రంలోనూ ఆ జిల్లాలో చదివే ప్రాంతీయ భాషా పత్రిక ఒకదానిలోనూ ప్రకటించాలి. సరుకు అరువిచ్చిన వ్యాపారికీ అప్పిచ్చిన వారికీ చూపడానికి ఇది తప్పనిసరి. జీఎస్టీ బకాయి విషయంలో మాత్రం ఇది రిటైరైన తేదీ నిజమైనదేనని చూపే సాక్ష్యం. కమిషనర్‌కు ఇవ్వాల్సిన సమాచారానికి ప్రత్యామ్నాయం అవుతుందన్న భరోసా దాని మీద పెట్టుకోలేం. పత్రికా ప్రకటన కత్తిరింపు ఉంది కదా అని ధీమాగా ఉన్నవారే ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడ.

శాఖకు సమాచారం అందే దారులు

ఆచరణలో శాఖకు ఈ విషయం రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి, సంస్థ తన లాగిన్ నుంచి రిజిస్ట్రేషన్ సవరణ కోసం జీఎస్టీ రెగ్-14 ఫారం వేయడం. భాగస్వామి చేరినా, తప్పుకున్నా అది కోర్ ఫీల్డ్ సవరణ. 19వ రూల్ ప్రకారం మార్పు జరిగిన 15 రోజుల్లో దరఖాస్తు చేయాలి, అధికారి పరిశీలించి రెగ్-15లో ఆమోదిస్తారు. రెండోది, రిటైరైన వ్యక్తే స్వయంగా కమిషనర్‌కు ఉత్తరం రాయడం. మొదటి దారి పూర్తిగా మిగిలిన భాగస్వాముల చేతుల్లో ఉంటుంది. లాగిన్ వాళ్లది, ఓటీపీ వాళ్లది. ‘ఆడిటర్‌కు చెప్పాం, ఆయన చూసుకుంటాడు’ అన్న మాటతో నెల దాటిపోతుంది, రెండో ప్రొవైజో నెత్తిన పడుతుంది. చట్టం ‘ఆయన గానీ సంస్థ గానీ’ అని రాసిందే ఇలాంటి పరిస్థితి కోసం. తప్పుకున్న వ్యక్తి సంస్థ మీద ఆధారపడకుండా సొంతంగా ఉత్తరం పంపుకోవచ్చు, పంపుకోవాలి కూడా.

రెగ్-14 విషయంలో ఒక తేడా గమనించాలి. సెక్షన్ అడిగేది సమాచారం అందిన తేదీని. కాబట్టి దరఖాస్తు దాఖలై, దాని గుర్తింపు సంఖ్య అయిన ఏఆర్ఎన్ పుట్టిన తేదీని పట్టుకుని వాదించాలి. అధికారి ఆమోదించిన తేదీ దానికి కొన్ని రోజుల, ఒక్కోసారి వారాల తర్వాత ఉంటుంది. పోర్టల్‌లో కనిపించే ఆమోద తేదీనే చాలామంది జవాబులో రాసేస్తారు. చేతులారా ఆ మధ్యనున్న రోజుల పన్నును నెత్తికెత్తుకోవడమే అది.

ఒక ఊహాత్మక కేసు

ముగ్గురు భాగస్వాముల సంస్థ అనుకుందాం. ఒకరు 2022 సెప్టెంబరు 30న తప్పుకున్నారు. అదే రోజు స్టాంపు పేపరు మీద డీడ్ రాసుకున్నారు. అక్టోబరు 20న ఆయన సర్కిల్ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపారు, అది 22న అందింది. సంస్థ మాత్రం డిసెంబరు 12న గానీ రెగ్-14 వేయలేదు. 19న ఆమోదం వచ్చింది. ఇప్పుడు 2022-23 ఆర్థిక సంవత్సరానికి 73వ సెక్షన్ కింద డీఆర్‌సీ-01 నోటీసు వచ్చింది. ఈ-వే బిల్లుల్లో కనిపించిన అమ్మకాలు పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలో చూపలేదని ఆరోపణ. పన్ను మొత్తం 14,40,000 రూపాయలు, ఆపై వడ్డీ, పది శాతం పెనాల్టీ.

ఈ నోటీసు ఇంత ఆలస్యంగా రావడంలో వింతేమీ లేదు. 73వ సెక్షన్ కింద ఉత్తర్వు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు రావాలి, నోటీసు దానికి కనీసం మూడు నెలల ముందు. 2022-23 వార్షిక రిటర్ను గడువు 2023 డిసెంబరు 31. కాబట్టి ఉత్తర్వుకు 2026 డిసెంబరు 31 వరకు, నోటీసుకు 2026 సెప్టెంబరు 30 వరకు సమయం ఉంటుంది. మోసం, దాచిపెట్టడం వంటి ఆరోపణతో 74వ సెక్షన్ కింద అయితే ఈ మూడేళ్లు ఐదేళ్లవుతాయి. గడువు దాటిందేమో చూసుకోవడం ఎప్పుడూ మొదటి వరసలో ఉండాల్సిందే. ఈ కేసులో దాటలేదు అనుకుందాం.

నోటీసు అనుబంధంలోని ఈ-వే బిల్లుల జాబితాను తేదీల వారీగా విడగొడితే లెక్క ఇలా వచ్చింది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు 3,60,000, అక్టోబరు 1,50,000, నవంబరు 2,10,000, డిసెంబరు 1,80,000, జనవరి నుంచి మార్చి వరకు 5,40,000. డిసెంబరులో మూడే ఇన్‌వాయిస్‌లు: 5వ తేదీది 70,000 పన్ను, 19వ తేదీది 80,000, 27వ తేదీది 30,000.

దీన్నిబట్టి మూడు రకాల ఫలితాలు సాధ్యం. అక్టోబరు 22న అందిన ఉత్తరం చెల్లితే, అది నెల లోపే కాబట్టి, బాధ్యత సెప్టెంబరు 30తో ఆగుతుంది. గరిష్ఠంగా 3,60,000 మీదే ఆయన జవాబుదారీ. ఆ ఉత్తరం చెల్లదని తేలితే, రెగ్-14 దాఖలైన డిసెంబరు 12 వరకు సాగుతుంది: 3,60,000, దానికి అక్టోబరు, నవంబరుల 3,60,000, డిసెంబరు 5 నాటి ఇన్‌వాయిస్ 70,000 కలిపి 7,90,000. రెండూ చెల్లకపోతే మొత్తం 14,40,000. మొదటి రెండింటి మధ్య తేడా 4,30,000. ఒక ఉత్తరం చెల్లడం, చెల్లకపోవడం విలువ అంత.

జవాబు కట్టడం ఈ లెక్క మీదే జరగాలి. ప్రధాన వాదన అక్టోబరు 22. అది ఒప్పుకోకపోతే ప్రత్యామ్నాయంగా డిసెంబరు 12. ఈ రెండోది రాయకుండా మొదటిదాని మీదే పూర్తిగా ఆధారపడటం పెద్ద పొరపాటు. ఉత్తరం చెల్లదని అధికారి ఒక్క వాక్యంలో కొట్టేస్తే, మిగతా 6,50,000 గురించి ఆయన ముందు ఏ అభ్యర్థనా ఉండదు. నిజానికి డిసెంబరు 12 తర్వాతి ఆ 6,50,000 విషయంలో శాఖ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే రెగ్-14 వాళ్ల సొంత పోర్టల్‌లోనే ఉంది.

శాఖ లేవనెత్తే అభ్యంతరం తేలిగ్గా ఊహించవచ్చు: ఉత్తరం కమిషనర్‌కు కాదు, సర్కిల్ అధికారికి రాశారు కదా అని. దీనికి సమాధానం ఉంది. 90వ సెక్షన్ ఫలానా ఫారంలోనే, ఫలానా కార్యాలయంలోనే ఇవ్వాలని పద్ధతేమీ విధించలేదు. రాతపూర్వకంగా ఉండాలని మాత్రమే అంది. ఆ రిజిస్ట్రేషన్‌ను పర్యవేక్షించేదీ, సవరణను ఆమోదించేదీ ఆ సర్కిల్ అధికారే. శాఖకు సమాచారం చేర్చడమనే ఉద్దేశం నెరవేరింది. ఇది బలమైన వాదనే అయినా తిరుగులేనిది కాదు, ఎందుకంటే సెక్షన్‌లోని మాట కమిషనరే. అందుకే కొత్తగా తప్పుకుంటున్నవారు ఉత్తరాన్ని కమిషనర్ పేరునే రాసి, సర్కిల్ లేదా రేంజ్ అధికారికి ప్రతి పంపడం మేలు. సంస్థ కేంద్రం పరిధిలో ఉందా రాష్ట్రం పరిధిలో ఉందా అన్నది రిజిస్ట్రేషన్ వివరాల్లో ఉంటుంది. అనుమానముంటే ఇద్దరికీ పంపితే నష్టం లేదు, అయ్యేది ఒక పోస్టు ఖర్చే.

అసలు చిక్కు తరచుగా రుజువు దగ్గర వస్తుంది. ఉత్తరం కాపీ ఉంటుంది, పోస్టాఫీసు రసీదు ఉంటుంది, అందినట్టు కాగితం ఉండదు. తపాలా శాఖ ట్రాకింగ్ వివరాలు కొన్నాళ్ల తర్వాత వెబ్‌సైట్‌లో దొరకవు. డెలివరీ అయిన రోజే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోవాల్సింది అందుకే. అది లేనప్పుడు సర్కిల్ కార్యాలయం ఇన్‌వర్డ్ రిజిస్టరు మీద పడాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆ తేదీల ఇన్‌వర్డ్ పేజీల నకలు అడగవచ్చు. కానీ ఆ జవాబుకు 30 రోజులు పట్టవచ్చు, నోటీసు గడువు అంతకుముందే అయిపోవచ్చు. కాబట్టి జవాబులోనే ‘మీ కార్యాలయపు ఇన్‌వర్డ్ రిజిస్టరును 2022 అక్టోబరు నెలకు పరిశీలించి నమోదు చేయవలసిందిగా’ అని స్పష్టంగా కోరాలి. కోరినా చూడకుండా ఉత్తర్వు ఇస్తే అప్పీలులో అదొక గట్టి అంశం అవుతుంది.

డిసెంబరు ఇన్‌వాయిస్‌లను తేదీల వారీగా విడగొట్టడానికి ఆధారమేమిటని అడిగే అధికారులున్నారు. పన్ను నెలకు ఒకసారి కడతారు కదా, నెలను ఎలా చీలుస్తారని వాదన. వస్తువుల విషయంలో పన్ను కట్టే బాధ్యత ‘సరఫరా సమయం’లో పుడుతుందని 12వ సెక్షన్ చెబుతుంది, మామూలుగా అది ఇన్‌వాయిస్ తేదీ, లేదా ఇన్‌వాయిస్ ఇవ్వాల్సిన చివరి తేదీ, వాటిలో ఏది ముందైతే అది. రిటర్ను దాఖలు చేసేది తర్వాతి నెల అయినా బాధ్యత పుట్టింది అప్పుడే. కాబట్టి చీల్చడానికి ఆధారం చట్టంలోనే ఉంది. నోటీసు అమ్మకాల గురించి కాక ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ గురించి అయితే ఆలోచన వేరే దారి పడుతుంది. క్రెడిట్ తీసుకునేది రిటర్ను వేసిన రోజున. సెప్టెంబరు నెల 3బీ అక్టోబరు 20న వేస్తే, అందులో తప్పుగా తీసుకున్న క్రెడిట్ సెప్టెంబరు 30న వెళ్లిపోయిన వ్యక్తి కాలానిది కాదని వాదించవచ్చు. అధికారులు పన్ను కాలాన్నే చూస్తామంటారు, కనుక దీన్ని ప్రత్యామ్నాయ వాదనగా పెట్టడమే సబబు.

జవాబు పంపడం, రాయడం

రిటైరైన వ్యక్తికి సంస్థ లాగిన్ ఉండదు. నోటీసుకు జవాబిచ్చే డీఆర్‌సీ-06 ఫారం ఆ లాగిన్‌లోంచే వెళ్తుంది. సంస్థ వాళ్లను బతిమాలి వాళ్ల జవాబులో తన పేరా ఇరికించడం సరైన దారి కాదు. వాళ్ల ప్రయోజనం వేరు. ‘ఆయన కాలంలోనే జరిగింది’ అని వాళ్లే రాసే అవకాశముంది. వ్యక్తిగత హోదాలో విడిగా జవాబు రాసి, కార్యాలయంలో ఇచ్చి కాపీ మీద ముద్ర, తేదీతో రసీదు తీసుకోవాలి. స్పీడ్ పోస్టులో ఒకటి, నోటీసులోని అధికారి ఈమెయిల్‌కు ఒకటి పంపాలి. సంస్థ జవాబు కాపీ అడిగి తీసుకోవడం మాత్రం మంచిది, లెక్కలు దాంట్లోనే ఉంటాయి.

సంతకం కింద ‘భాగస్వామి’ అని రాయకూడదు. ‘2022 సెప్టెంబరు 30న రిటైరైన మాజీ భాగస్వామి’ అని ఉండాలి. చూడటానికి చిన్న విషయం. కానీ 2026 తేదీతో ‘ఫలానా సంస్థ, భాగస్వామి’ అని సంతకం పెట్టిన కాగితం ఫైల్లో ఉంటే దాన్నే తిరగేసి చూపిస్తారు. జవాబు ముఖ్యభాగం ఈ తీరులో ఉండవచ్చు:

‘ఈ జవాబు సంస్థ తరఫున కాక నా వ్యక్తిగత హోదాలో, నా ఇతర హక్కులకు భంగం లేకుండా ఇస్తున్నాను. నేను పై సంస్థ నుంచి 30-09-2022న రిటైరయ్యాను. ఆ సంగతిని 20-10-2022 నాటి ఉత్తరం ద్వారా తెలియజేశాను; అది 22-10-2022న మీ కార్యాలయానికి అందింది. కాబట్టి సీజీఎస్టీ, రాష్ట్ర జీఎస్టీ చట్టాల 90వ సెక్షన్ మొదటి ప్రొవైజో ప్రకారం 30-09-2022 తర్వాతి కాలపు పన్ను, వడ్డీ, పెనాల్టీలకు నేను బాధ్యుణ్ని కాను. పై వాదన అంగీకరించని పక్షంలో, సంస్థ 12-12-2022న రెగ్-14 దాఖలు చేసినందున, ఆ తేదీ తర్వాతి 6,50,000 రూపాయల పన్నుకు, దానిపై వడ్డీ, పెనాల్టీలకు రెండో ప్రొవైజో ప్రకారం కూడా నాపై బాధ్యత లేదు. నెలల వారీ పట్టిక జతపరిచాను. నా బాధ్యత ఏ తేదీ వరకు, ఎంత మొత్తానికి అన్నదానిపై ఉత్తర్వులో విడిగా నిర్ణయం నమోదు చేయవలసిందిగా, 75వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద నాకు వ్యక్తిగత విచారణకు అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.’

చివరి వాక్యం అలంకారానికి పెట్టింది కాదు. సాధారణంగా ఉత్తర్వు సంస్థ పేరున, ఒకే మొత్తంగా వస్తుంది. అందులో ఎవరు ఏ తేదీ వరకు బాధ్యులో ఉండదు. తర్వాత వసూలు విభాగం ఆ మొత్తాన్ని పట్టుకుని పోర్టల్‌లో పేరున్న వాళ్లందరి బ్యాంకులకూ, ఖాతాలోని డబ్బు శాఖకు కట్టమనే డీఆర్‌సీ-13 నోటీసు పంపుతుంది. విడిగా నిర్ణయం కోరి ఉంటే, అది ఇవ్వకపోవడమే సవాలు చేయడానికి కారణమవుతుంది. విచారణ రాతపూర్వకంగా అడిగినా, ప్రతికూల ఉత్తర్వు ఇవ్వబోతున్నా అవకాశం ఇచ్చి తీరాలని అదే ఉపసెక్షన్ అంటుంది.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకున్న 3,60,000 గురించి మౌనంగా ఉండకూడదు. తేదీల వాదన ఆ భాగానికి వర్తించదు కాబట్టి అక్కడ విషయం మీదే పోరాడాలి: ఆ ఈ-వే బిల్లుల్లో రద్దయినవి ఉన్నాయా, జాబ్ వర్క్‌కు పంపినవి ఉన్నాయా, గోదాముల మధ్య కదిలిన సరుకు ఉందా. పుస్తకాలు సంస్థ దగ్గర ఉంటాయి కాబట్టి అవి ఇప్పించమని సంస్థకు ఒక ఉత్తరం, శాఖ ఆధారపడిన పత్రాల నకళ్లు ఇవ్వమని అధికారికి ఒక అభ్యర్థన వెళ్లాలి. రిటైరైన తేదీ వరకు ‘ఉన్న’ వడ్డీకే బాధ్యత, ఆ తర్వాత సంస్థ ఆలస్యం వల్ల పెరిగిన వడ్డీకి కాదన్న వాదనకూ మొదటి ప్రొవైజో మాటల్లో చోటుంది. గెలుస్తుందన్న హామీ లేదు గానీ, రాయకపోతే అప్పీలులో కొత్తగా లేవనెత్తడం కష్టం.

జతపరిచే కాగితాల్లో డీడ్ ఒక్కటే సరిపోదు. తేదీ వెనక్కి వేసి రాసుకున్నారన్న అనుమానం అధికారికి ముందే ఉంటుంది. స్టాంపు పేపరు కొన్న తేదీ, బ్యాంకు ఖాతాలో సంతకందారుల మార్పు, పెట్టుబడి వాటా తిరిగి ఇచ్చిన బ్యాంకు చెల్లింపు, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ నమోదు, ఆ సంవత్సరం ఆదాయపు పన్ను రిటర్ను కలిసి ఆ అనుమానాన్ని తీరుస్తాయి. ఇవన్నీ ఒకే కథ చెప్పాలి. సెప్టెంబరులో తప్పుకున్నానని రాసి, నవంబరు వరకు భాగస్వామి జీతం తీసుకున్నట్టు రిటర్నులో చూపితే డీడ్ బలం పోతుంది. అంతకన్నా ప్రమాదకరమైనది, ఆథరైజ్డ్ సిగ్నేటరీగా ఆయన మొబైల్ నంబరే పోర్టల్‌లో మిగిలిపోయి, తర్వాతి నెలల రిటర్నులు ఆయన ఓటీపీతోనే వెళ్లడం. ‘వాళ్లు ఫోన్ చేసి అడిగితే నంబరు చెప్పాను’ అన్నది సమాధానంగా నిలబడదు. తన పేరు, నంబరు సిగ్నేటరీల్లోంచి తీసేశారా లేదా అన్నది డీడ్ రోజే చూసుకోవాల్సిన విషయం.

సమాచారం అసలు ఇవ్వనప్పుడు

ఉత్తరమూ పంపలేదు, రెగ్-14 కూడా ఎవరూ వేయలేదు అనుకుందాం. ఇలాంటప్పుడు రెండో ప్రొవైజో మాటలు నేరుగా వ్యతిరేకం. దాన్ని ఒప్పుకోకుండా డీడ్ మీద గొంతు చించుకోవడం వృథా. చేయగలిగింది రెండు పనులు. మొదటిది, ఈరోజే కమిషనర్‌కు సమాచారం పంపడం. జవాబులోనూ ‘దీన్ని 90వ సెక్షన్ కింద సమాచారంగా కూడా స్వీకరించగలరు’ అని రాయడం. గతం మారదు గానీ ఇక ముందు పెరిగే బాధ్యత ఆగుతుంది. రెండోది, శాఖ ఫైల్లోకి ఆ సంగతి వేరే రూపంలో ఎప్పుడైనా చేరిందేమో వెతకడం. అంతకుముందు వచ్చిన ఏదైనా నోటీసుకు సంస్థ ఇచ్చిన జవాబులో, ఆడిట్ సమయంలో ఇచ్చిన భాగస్వాముల జాబితాలో, రిజిస్ట్రేషన్ రద్దు దరఖాస్తులో ఆ మార్పు కనిపిస్తే, అది రాతపూర్వకంగా శాఖకు అందినట్టే కదా అని ఆ తేదీని పట్టుకోవచ్చు.

ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు తప్పుకుంటే పరిస్థితి ఇంకో రకం. ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు. సంస్థే రద్దవుతుంది, మిగిలినాయన సొంత వ్యాపారంగా తన పాన్ మీద కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. కానీ పాత జీఎస్టీ నంబరు మీదే వ్యాపారం నడిపిస్తే, పోర్టల్ దృష్టిలో ఇద్దరూ ఇంకా భాగస్వాములే. ఆ కాలానికి చట్టప్రకారం ఫర్మే లేదన్న వాదన రిటైరైన వ్యక్తికి దొరుకుతుంది, అయినా సమాచారం ఎప్పుడిచ్చారన్న ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది.

ఇక నోటీసు కాకుండా నేరుగా ఉత్తర్వో, బ్యాంకు ఖాతా స్తంభించిన కబురో మొదట తెలిస్తే దారి మారుతుంది. నోటీసు సంస్థ లాగిన్‌లో పెట్టి ఊరుకున్నారు, మాజీ భాగస్వామికి తెలిసే వీలే లేదు అన్నది అప్పుడు మొదటి అంశం. 107వ సెక్షన్ కింద ఉత్తర్వు తెలిసిన తేదీ నుంచి మూడు నెలల్లో అప్పీలు వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో నెల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు, అంతకు మించి కుదరదు. వివాదంలో ఉన్న పన్నులో పది శాతం ముందే కట్టాలి. లాగిన్ లేకపోవడం ఇక్కడా అడ్డే కాబట్టి, తన మాట వినకుండా వసూలుకు దిగారన్న కారణంతో హైకోర్టులో రిట్ వేయడం చాలాసార్లు తప్పదు. ఆలోగా బ్యాంకుకూ వసూలు అధికారికీ 90వ సెక్షన్, రెగ్-14 ఏఆర్ఎన్ ప్రతులతో ఒక ఉత్తరం వెళ్లాలి.

ఇదంతా జీఎస్టీకే వర్తిస్తుంది. ఈ కేసులోని కాలానికి ఆదాయపు పన్ను బకాయి అయితే 1961 చట్టంలోని 188ఎ సెక్షన్ ఆ సంవత్సరంలో భాగస్వామిగా ఉన్న ప్రతి ఒక్కరినీ సంస్థతో పాటు బాధ్యుల్ని చేస్తుంది. అక్కడ కొలమానం సంవత్సరం. జీఎస్టీ జవాబును కాపీ కొట్టి ఆదాయపు పన్ను శాఖకు పంపితే అందులోని తేదీల వాదన అతకదు.

శాఖకు జవాబు పంపిన రోజే మిగిలిన భాగస్వాములకు కూడా ఒక నోటీసు వెళ్లాలి: డీడ్‌లోని ఫలానా షరతు ప్రకారం రిటైరైన తర్వాతి బకాయిలు మీవి, నా దగ్గర వసూలైతే వడ్డీతో తిరిగి ఇవ్వాలి, ఈ నోటీసుకు సంస్థ తరఫున గడువులోపు జవాబివ్వాలి, పుస్తకాలు చూడనివ్వాలి అని. రెగ్-14 ఆలస్యం వల్ల పడిన 4,30,000 లాంటి భారం వారి నిర్లక్ష్యం వల్లేనని అప్పుడే కాగితం మీద పెడితే, రేపు సివిల్ కోర్టులోనో ఆర్బిట్రేషన్‌లోనో దాన్ని మొదటి నుంచి రుజువు చేయాల్సిన అవసరం తగ్గుతుంది.